లావుపాటి పట్టీల బొమ్మ: సరుకు ఎక్కువగా ఎటు పోతోందో స్క్రీన్‌షాట్ చూసి కనుక్కోవడం ఎలా?

ఎడమ పక్క లావుగా బయల్దేరిన రంగు పట్టీలు మధ్యలో చీలిపోతూ, మళ్లీ కలుస్తూ, కుడి పక్కకు చేరే బొమ్మ మీ ఫోన్‌కు ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. ఫ్యాక్టరీ లెక్క కావచ్చు, కరెంటు లెక్క కావచ్చు, బడ్జెట్ కావచ్చు. దీన్ని శాంకీ డయాగ్రమ్ అంటారు. ఐర్లండ్‌కు చెందిన ఇంజనీరు కెప్టెన్ శాంకీ 1898లో ఆవిరి ఇంజన్‌లో వేడి ఎంత పనికొస్తోంది, ఎంత వృథా అవుతోంది అని చూపడానికి ఇలాంటి బొమ్మ వేశారు. ఆయన పేరే దానికి స్థిరపడింది. దీని సూత్రం ఒక్కటే: పట్టీ ఎంత మందంగా ఉంటే సరుకు అంత ఎక్కువ. పట్టీ పొడవుకు అర్థం లేదు, రంగు ముదురుకూ అర్థం లేదు.

సూత్రం ఇంత చిన్నదైనా బొమ్మను తప్పుగా చదవడం చాలా తేలిక. అందులోనూ మన చేతికి వచ్చేది స్క్రీన్‌షాట్. అసలు పేజీలో మౌస్ పెడితే కనిపించే అంకెలు ఇందులో ఉండవు. అందుకని ఒక బొమ్మను మొదటి నుంచి చివరి వరకు కలిసి చదువుదాం.

మన ప్రాంతపు లెక్కే తీసుకుంటాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, తోతాపురి సీజన్, ఒక రోజు లెక్క. అంకెలు ఈ పాఠం కోసం నేను వేసుకున్నవే. అయితే కాయలో గుజ్జు ఎంత, టెంక ఎంత అనే పాళ్లు నిజానికి దగ్గరగా ఉండేటట్టు చూశాను.

బొమ్మలో ఏముంది

ఎడమ చివర రెండు పట్టీలున్నాయి. ఒకదాని మీద "తోటల నుంచి 120", ఇంకోదాని మీద "మండీల నుంచి 80" అని రాసి ఉంది. రెండూ వచ్చి "గ్రేడింగ్" అనే నిలువు కడ్డీలో కలుస్తాయి. అక్కడి నుంచి ఒక పెద్ద పట్టీ "మాగబెట్టే గదులు" అనే కడ్డీకి పోతుంది, ఒక సన్నటి పట్టీ కిందికి దిగిపోతుంది. గదుల నుంచి పెద్ద పట్టీ పండు నుంచి గుజ్జు తీసే యంత్రం "పల్పర్"కు పోతుంది. పల్పర్ నుంచి "గుజ్జు 104" అనే కడ్డీకి ఒక లావు పట్టీ, దాంతోపాటు కిందికి వాలే మరికొన్ని పట్టీలు. గుజ్జు మళ్లీ మూడుగా చీలి డ్రమ్ములకు, డబ్బాలకు, నీళ్లు ఇగిర్చి చిక్కబరిచే కాన్‌సన్‌ట్రేట్‌కు పోతుంది. కుడి చివర అన్నిటికన్నా కింద "వ్యర్థం", అన్నిటికన్నా పైన "గాల్లోకి" అనే కడ్డీలు ఉన్నాయి.

అంకెలు కనిపించేది మూడు చోట్లే: 120, 80, 104. మిగతావన్నీ మనమే కొలిచి తెలుసుకోవాలి.

ముందు మంచి కాపీ సంపాదించండి

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మ కుదించిన బొమ్మ. పట్టీల అంచులు మసకబారి ఉంటాయి, సన్నటి పట్టీలు పక్క రంగులో కలిసిపోతాయి. పంపినవాళ్లను అదే బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి పంపితే మాత్రం ఆ బొమ్మను కొలవకండి. ఫోను కొంచెం వాలినా ఒక పక్క పట్టీలు పెద్దవిగా, ఇంకో పక్కవి చిన్నవిగా పడతాయి. ఎడమ పక్క కొలతను కుడి పక్క కొలతతో పోల్చడానికి వీలుండదు.

బొమ్మ నాలుగు అంచులూ చూడండి. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు కిందో పైనో కత్తిరించి ఉంటే ఒక కడ్డీ మొత్తం పోయి ఉండవచ్చు. ఏదైనా పట్టీ కడ్డీని చేరకుండా బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతే అది కత్తిరించిన బొమ్మే. ఆ పట్టీ ఎటు పోయిందో ఊహించుకోవద్దు, పూర్తి బొమ్మ తెప్పించుకోండి.

దేని లెక్కో చూసుకోండి

120 అంటే ఏమిటి? టన్నులా, క్వింటాళ్లా, శాతమా? ఒక రోజుదా, సీజన్ మొత్తానిదా? ఇది సాధారణంగా బొమ్మ కింద చిన్న అక్షరాల్లో గానీ శీర్షికలో గానీ ఉంటుంది. మన బొమ్మలో "టన్నులు, ఒక రోజు" అని ఉందనుకుందాం. శాతం అని ఉంటే మాత్రం దేనిలో శాతమో తేల్చుకోనిదే ముందుకు పోకండి. వచ్చిన కాయలో 52 శాతం గుజ్జు అనడం వేరు, పల్పర్‌లో పడ్డ పండులో 60 శాతం గుజ్జు అనడం వేరు. ఈ ఫ్యాక్టరీలో ఆ రెండు మాటలూ నిజమే. 200 టన్నుల కాయకు 104 టన్నుల గుజ్జు, పల్పర్‌లో పడ్డట్టు మున్ముందు కొలవబోయే 172 టన్నులకూ అదే 104.

ఇంకోటి, బొమ్మలో గీయనిది ఏముందో కూడా ఆలోచించండి. కాయలు కడిగిన నీళ్లు, బాయిలర్‌లో కాల్చిన కట్టెలు ఇందులో లేవు. ఇది కాయ బరువు లెక్క మాత్రమే. కాబట్టి "ఈ ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయ్యేది ఏది" అనే ప్రశ్నకు ఈ బొమ్మ జవాబివ్వదు.

ఒక టన్ను ఎన్ని పిక్సెళ్లో లెక్క కట్టండి

కంప్యూటర్ ఉంటే బొమ్మను పెయింట్‌లో తెరవండి. సెలెక్ట్ టూల్ తీసుకుని "తోటల నుంచి 120" పట్టీ పై అంచు నుంచి కింది అంచు దాకా నిలువుగా లాగండి. మీరు లాగిన డబ్బా కొలత పెయింట్ కిటికీ అడుగున పిక్సెళ్లలో కనిపిస్తుంది. అందులో రెండో అంకె ఎత్తు, మనకు కావాల్సింది అదే. అది 240 వచ్చిందనుకోండి. 120 టన్నులకు 240 పిక్సెళ్లు, అంటే టన్నుకు రెండు పిక్సెళ్లు.

ఒక్క చోట కొలిచి ఆగవద్దు. అంకె తెలిసిన ఇంకో చోట కూడా సరిచూడండి. "గుజ్జు 104" కడ్డీ ఎత్తు కొలిస్తే 208 రావాలి. రెండు మూడు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 180 వచ్చిందంటే మాత్రం ఏదో తేడా ఉంది. బొమ్మను కొలత ప్రకారం గీసి ఉండరు, లేదా రెండు స్క్రీన్‌షాట్లను వేరువేరు జూమ్‌లో తీసి అతికించి ఉంటారు. స్లైడుల కోసం చేత్తో గీసిన బొమ్మల్లో పట్టీలను కంటికి నచ్చిన మందంలో వేసేస్తుంటారు. అలాంటి బొమ్మలో రాసిన అంకెలను నమ్మండి, మందాన్ని నమ్మకండి.

ఫోన్ మాత్రమే ఉంటే ఒక కాగితం ముక్క చాలు. బొమ్మను పెద్దది చేసి, కాగితం అంచును తెర మీద నిలువుగా ఆనించి, 120 పట్టీ మందాన్ని పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తుతో మిగతా పట్టీలను పోల్చుకోండి. మధ్యలో జూమ్ మారిస్తే ఆ గుర్తు పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

పట్టీని ఎక్కడ కొలవాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కొలవాల్సింది పట్టీ కడ్డీని తాకే చోట. అక్కడ పట్టీ అడ్డంగా, సమంగా ఉంటుంది. మధ్యలో ఏటవాలుగా దిగే చోట కొలవకూడదు.

దీనికి కారణం ఉంది. ఈ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగా పనిచేస్తాయి. కొన్నిట్లో పట్టీ ఎంత వంగినా దానికి అడ్డంగా కొలిస్తే మందం మారదు. కొన్నిట్లో పై గీత, కింది గీత విడివిడిగా గీసి మధ్యలో రంగు నింపుతారు. అక్కడ నిలువు కొలత మారదు గానీ, పట్టీ బాగా వాలిన చోట కంటికి సన్నగా కనిపిస్తుంది. మన బొమ్మలో పల్పర్ నుంచి అడుగునున్న "వ్యర్థం" దాకా దిగే టెంక పట్టీ ఇలాంటిదే. పల్పర్ దగ్గర దాని మందం 64 పిక్సెళ్లు. నడుమ నిటారుగా దిగే చోట చూస్తే 40 కూడా లేనట్టు అనిపిస్తుంది. పక్కన తిన్నగా పోయే డబ్బాల పట్టీ 44 పిక్సెళ్లే అయినా, చూడగానే అదే టెంక కన్నా లావుగా కనిపిస్తుంది. కంటిని నమ్మితే టెంక కన్నా డబ్బాల్లోకి ఎక్కువ పోతోందని చెప్పేస్తాం. అసలైతే టెంక 32 టన్నులు, డబ్బాలు 22.

రెండు లేత రంగు పట్టీలు ఒకదాని మీద ఒకటి దాటిన చోట ముదురు రంగు వస్తుంది. అది కేవలం రంగుల కలయిక, అక్కడ సరుకేమీ పెరగలేదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య వదిలిన తెల్లటి ఖాళీ కూడా చూడడానికి వీలుగా వదిలిందే, దాన్ని కొలతలో కలపకండి.

ఒకే పట్టీ మొదట్లో సన్నగా ఉండి, మధ్యలో ఏదీ కలవకుండానే చివరికి లావైతే అనుమానించండి. శాంకీ బొమ్మలో బయల్దేరినంతే చేరాలి. మధ్యలో కొలమానం మారిపోయి ఉండవచ్చు, ఎడమ పక్క టన్నులు, కుడి పక్క రూపాయలు అన్నట్టు. లేదా అది చేత్తో గీసిన బొమ్మ. నిజంగా సరుకు పెరిగితే వేరే పట్టీ వచ్చి కడ్డీలో కలవాలి, ఆ కడ్డీ తర్వాతే లావు కావాలి.

ప్రతి కడ్డీ దగ్గర లెక్క సరిపోవాలి

కాలువ చీలిన చోట పై నుంచి వచ్చిన నీళ్లెన్నో, పాయల్లోకి పోయిన నీళ్లూ అన్నే ఉండాలి కదా. ప్రతి కడ్డీ దగ్గరా అంతే. లోపలికి వచ్చిన పట్టీల మొత్తం, బయటికి పోయిన పట్టీల మొత్తం సమానం కావాలి.

గ్రేడింగ్ కడ్డీలోకి 400 పిక్సెళ్లు వచ్చాయి. గదులకు 380 పోతోంది, కిందికి 20. సరిపోయింది. పది టన్నులు పనికిరాని కాయ కింద తీసేశారన్నమాట. గదుల్లోకి 380 వచ్చి, పల్పర్‌కు 344, కుళ్లినవి 16, పైకి "గాల్లోకి" పోయే సన్న పట్టీ 20. అదీ సరిపోయింది. పైకి పోయేది ఏమిటా అనుకుంటారేమో, మాగేటప్పుడు కాయలోంచి తేమ పోయి బరువు తగ్గుతుంది. ఆ తరుగే అది.

ఇక పల్పర్. వచ్చింది 344. బయటికి చూస్తే గుజ్జు 208, టెంక 64, తొక్క 56. కూడితే 328. పదహారు పిక్సెళ్లు తగ్గాయి. ఇలా తగ్గితే "కొలతలో తేడాలే" అని వదిలేయకండి. అంచు మసక వల్ల వచ్చే తేడా ఒక్కో పట్టీకి రెండు పిక్సెళ్లకు మించదు, పదహారు దాకా రాదు. బొమ్మను ఇంకా పెద్దది చేసి కడ్డీ కుడి అంచు వెంట పై నుంచి కిందికి నెమ్మదిగా చూసుకుంటూ రండి. తొక్క పట్టీకీ టెంక పట్టీకీ మధ్య దాదాపు అదే రంగులో ఇంకో సన్నటి పట్టీ కనబడుతుంది. జల్లెడలో మిగిలిన పీచు అది, 16 పిక్సెళ్లు, ఎనిమిది టన్నులు. బయల్దేరిన వెంటనే తొక్క పట్టీ కిందికి దూరిపోవడంతో కనిపించలేదు. రెండో చివర, వ్యర్థం కడ్డీ దగ్గర, మళ్లీ విడిగా తేలుతుంది. దాగిన పట్టీని పట్టుకోవడానికి ఇదే దారి: లెక్క తప్పిన కడ్డీ ఏదో ముందు తేల్చుకుని, పట్టీని రెండు చివర్లలోనూ వెతకడం.

లెక్క కుదరకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు. వచ్చినది, పోయినది, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి సరిపడా కడ్డీ ఎత్తు గీస్తారు. బొమ్మ వేసినవాళ్ల దగ్గరే నష్టం లెక్క లేకపోతే, కడ్డీ కుడి పక్క కొంత భాగం ఏ పట్టీ లేకుండా ఖాళీగా ఉండిపోతుంది. అది కనిపిస్తే "ఇంత సరుకుకు లెక్క చూపలేదు" అనే చెప్పాలి, ఏదో ఒక పట్టీలో కలిపేయకూడదు.

సన్నటి పట్టీల గురించి ఒక మాట. మన కొలమానంలో ఒక పిక్సెల్ అర టన్ను. రెండు పిక్సెళ్ల పొరపాటుకు ఒక టన్ను తేడా వస్తుంది. యాభై టన్నుల పట్టీకి ఇది లెక్కలోకి రాదు. రెండు టన్నుల పట్టీకైతే సగం తేడా. పైగా మరీ చిన్న పట్టీలు కనిపించకుండా పోతాయని కొన్ని బొమ్మల్లో వాటిని కనీసం ఒక పిక్సెల్ మందంతో గీస్తారు. కాబట్టి నాలుగైదు టన్నుల లోపువాటిని "కొద్దిగా" అని చెప్పండి, అంకె వేయకండి.

ఎడమ నుంచి కుడికి: లావు పట్టీ వెంట వెళ్లండి

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కువ సరుకు ఎటు పోతోంది?

ఎడమ చివర మొదలుపెట్టి, చీలిన ప్రతి చోటా లావైన పట్టీనే పట్టుకుని పోండి. గ్రేడింగ్ దగ్గర 400, గదులకు 380, పల్పర్‌కు 344, గుజ్జుకు 208, అక్కడి నుంచి డ్రమ్ములకు 116. అంటే 58 టన్నులు. గుజ్జు నుంచి మిగతా రెండు పట్టీలు డబ్బాలకు 44, కాన్‌సన్‌ట్రేట్‌కు 48.

ఇక్కడ ఆగి ఒకసారి వాస్తవంతో సరిచూసుకోవచ్చు. సూక్ష్మజీవులు చేరకుండా నింపే అసెప్టిక్ గుజ్జు డ్రమ్ములో సుమారు 215 కిలోలు పడుతుంది, కాబట్టి 58 టన్నులంటే దాదాపు 270 డ్రమ్ములు. ఆ రోజు గోడౌన్‌లో ఎన్ని డ్రమ్ములు సీలు వేశారో తెలిసినవాళ్లుంటే అడగండి. 150 అన్నారంటే మీ కొలతైనా తప్పు, బొమ్మైనా తప్పు. కాన్‌సన్‌ట్రేట్ పట్టీని కూడా ఇలాగే పరీక్షించవచ్చు. బ్రిక్స్ అంటే రసంలో చక్కెర శాతాన్ని చూపే కొలత. తోతాపురి గుజ్జు మామూలుగా 14 బ్రిక్స్ దగ్గర ఉంటుంది, కాన్‌సన్‌ట్రేట్ 28 బ్రిక్స్ దాకా చిక్కబడాలి. చక్కెర అలాగే ఉండి నీళ్లు మాత్రమే పోతాయి కాబట్టి బరువు సగానికి తగ్గాలి. బొమ్మలో 48 పిక్సెళ్లు వచ్చి, 24 కాన్‌సన్‌ట్రేట్‌గా, 24 "గాల్లోకి" పోతోంది. సరిగ్గా సగం. ఈ బొమ్మ వేసినవాళ్లకు పని తెలుసని దీంతో అర్థమవుతుంది.

సరే, జవాబు డ్రమ్ములేనా? చాలామంది ఇక్కడే ముగిస్తారు. కానీ ఇంకా సగం పనే అయింది.

కుడి నుంచి ఎడమకు: ఎక్కడ పోగుపడిందో చూడండి

ఇప్పుడు కుడి చివరి కడ్డీలను కొలవండి. డ్రమ్ములు 116, డబ్బాలు 44, కాన్‌సన్‌ట్రేట్ 24, గాల్లోకి 44. వ్యర్థం 172.

172 పిక్సెళ్లంటే 86 టన్నులు. డ్రమ్ములకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. లావు పట్టీ వెంట పోతే ఈ కడ్డీ దగ్గరికి మీరు ఎప్పటికీ రారు, ఎందుకంటే ఇది ఒక్క లావు పట్టీతో నిండలేదు. గ్రేడింగ్ నుంచి 20, గదుల నుంచి 16, పల్పర్ నుంచి 64, 56, 16. మూడు చోట్ల నుంచి జారిపోతూ వచ్చిన ఈ ఐదు పట్టీలూ కలిసి బొమ్మలోకెల్లా పెద్ద గమ్యం అయ్యాయి.

ఇది మామిడి బొమ్మకే పరిమితం కాదు. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల ఆ దేశపు ఇంధన లెక్కను ఏటా ఇలాంటి బొమ్మగా వేస్తుంది. అందులో పెట్రోలియం నుంచి రవాణాకు పోయే పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కుడి చివర చూస్తే మాత్రం, మొత్తం శక్తిలో సుమారు మూడింట రెండొంతులు పనికిరాని వేడిగా పోయినట్టు చూపే కడ్డీ అన్నిటికన్నా పెద్దది. కరెంటు ఉత్పత్తి, వాహనాలు, ఫ్యాక్టరీలు, ఇళ్లు, అన్నిటి నుంచీ వచ్చిన పట్టీలు అక్కడ కలుస్తాయి.

అందుకని రెండు ప్రశ్నలను విడివిడిగా అడగండి. అన్నిటికన్నా లావైన దారి ఏది? డ్రమ్ముల దారి. అన్నిటికన్నా పెద్ద గమ్యం ఏది? వ్యర్థం. రెండింటి జవాబూ ఒకటే అయ్యే బొమ్మలున్నాయి గానీ, అలా ఉంటుందని ముందే అనుకోకూడదు.

ఇంకొక మెట్టు మిగిలింది. నా దృష్టిలో ఈ బొమ్మలు చదివేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. వ్యర్థం పెద్దదిగా కనిపించడానికి, దాన్నంతా ఒకే కడ్డీగా గీయడం కూడా ఒక కారణం. తయారైన సరుకును మాత్రం మూడు కడ్డీలుగా విడగొట్టారు. మీరే కూడి చూడండి: డ్రమ్ములు 58, డబ్బాలు 22, కాన్‌సన్‌ట్రేట్ 12, మొత్తం 92 టన్నులు. "తయారైన సరుకు" అని ఒకే కడ్డీ వేసి ఉంటే అదే అన్నిటికన్నా పెద్దది. వ్యర్థాన్ని టెంక, తొక్క, పీచు, కుళ్లు అని విడగొట్టి ఉంటే అది అంత పెద్దదిగా కనిపించేది కాదు. అంకెలు ఒక్కటీ మారకుండానే బొమ్మ చెప్పే కథ మారిపోతుంది. కాబట్టి కుడి పక్క కడ్డీలను వాళ్లు కట్టిన గుంపుల్లోనే చూడకండి. మీ ప్రశ్నకు తగ్గట్టు మీరే గుంపు కట్టుకోండి. ఇక్కడైతే అమ్మకానికి పోయేది 92, వ్యర్థం 86, గాల్లో కలిసేది 22. మొత్తం 200, ఎడమ పక్క వచ్చినంతా లెక్కకు వచ్చింది.

వెనక్కి నడిస్తే కారణం తెలుస్తుంది

దామలచెరువు వైపు రైతు ఒకాయన ఇలాంటి బొమ్మ చూసి, "ఇంత కాయ తోలతా ఉండాము గదన్నా, సగం యాడికి పోతా ఉండాది?" అని అడిగారనుకోండి. "వ్యర్థం 86 టన్నులన్నా" అని చెప్పి ఊరుకుంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు. వ్యర్థం కడ్డీ దగ్గర మొదలుపెట్టి, దాన్ని నింపిన పట్టీలను ఒక్కొక్కటీ వెనక్కి పట్టుకుపోవాలి.

టెంక 32, తొక్క 28. ఈ అరవై టన్నులూ కాయతో పుట్టినవి, ఎవరు ఎంత జాగ్రత్త పడ్డా తగ్గవు. వాటిని వేరే పనికి వాడుకోవచ్చేమో గానీ గుజ్జుగా మార్చలేం. మిగిలింది 26: గ్రేడింగ్‌లో తీసేసినవి 10, గదుల్లో కుళ్లినవి 8, పీచు 8. ఇందులో పీచు యంత్రం జల్లెడ మీద ఆధారపడుతుంది. మొదటి 18 మాత్రం కోత, రవాణా, మాగబెట్టడం దగ్గర జరిగే నష్టం. రైతుకు, ట్రాక్టరు తోలేవాళ్లకు, ఫ్యాక్టరీకి చేతిలో ఉన్నది అదే. బొమ్మలో ఆ రెండు పట్టీలూ చాలా సన్నవి. చేయగలిగిన పని లావు పట్టీలోనే ఉంటుందనేమీ లేదు.

కలిసిపోయిన తర్వాత విడదీయలేం

బొమ్మ చెప్పని మాటను బొమ్మ మీద పెట్టకుండా ఉండడం కూడా చదవడంలో భాగమే. "కుళ్లినవన్నీ మండీ కాయలే, తోట కాయ బాగుంటుంది" అని ఎవరైనా ఈ బొమ్మ చూపి వాదిస్తే ఒప్పుకోకండి. తోట కాయా మండీ కాయా గ్రేడింగ్ కడ్డీలో కలిసిపోయాయి. ఆ తర్వాతి పట్టీల్లో ఏది ఎవరిదో బొమ్మకు తెలియదు. 120కి 80 అనే పాళ్లలోనే కుళ్లి ఉంటుందని అనుకోవడమూ ఊహే.

కొన్ని బొమ్మల్లో తోట రంగు, మండీ రంగు చివరి దాకా విడివిడిగా కొనసాగుతాయి. అప్పుడు చెప్పవచ్చు, కానీ ఒక షరతు మీద. ప్రతి చీలిక దగ్గరా రెండు రంగులూ ఒకే పాళ్లలో, ఇక్కడ మూడుకు రెండు చొప్పున, చీలుతున్నాయేమో కొలవండి. అన్ని చోట్లా అచ్చం అదే పాళ్లు ఉంటే అది ఎవరూ తూకం వేసి రాసింది కాదు, సాఫ్ట్‌వేర్ సమానంగా పంచేసింది. నిజంగా విడిగా తూచిన లెక్కలో పాళ్లు చోటుకో రకంగా ఉంటాయి.

కుడి నుంచి ఎడమకు వెనక్కి తిరిగే పట్టీ ఉంటే ఇంకో జాగ్రత్త. సరిగా రాని గుజ్జును మళ్లీ పల్పర్‌లో కలిపితే అలాంటి పట్టీ వస్తుంది. ఆ సరుకు పల్పర్ గుండా రెండుసార్లు పోతుంది, అందుకే పల్పర్ కడ్డీ బయటి నుంచి వచ్చిన దానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. మొత్తం ఎంతో చెప్పేటప్పుడు మధ్య కడ్డీని కొలవకుండా, ఎడమ చివర బయటి నుంచి వచ్చిన పట్టీలనే కూడండి.

బరువు లావైనంత మాత్రాన డబ్బు లావు కాదు

ఇదే ఫ్యాక్టరీకి రూపాయల్లో బొమ్మ వేస్తే 86 టన్నుల వ్యర్థం పట్టీ దారంలా మారిపోవచ్చు. 12 టన్నుల కాన్‌సన్‌ట్రేట్ తన బరువుకు మించి లావెక్కుతుంది. టన్నుల బొమ్మను చూపి లాభనష్టాల మాట ఎవరు మాట్లాడినా, రూపాయల బొమ్మ విడిగా చూపమని అడగండి.

మీరు కనుక్కున్నది గ్రూపులో పెట్టేటప్పుడు స్క్రీన్‌షాట్‌తో పాటు ఈ తరహాలో రాయండి: "ఒక రోజుకు వచ్చిన 200 టన్నుల కాయలో అమ్మకానికి సుమారు 92, వ్యర్థంగా 86, తేమగా, ఆవిరిగా 22 టన్నులు. 120, 80, 104 బొమ్మలో రాసినవి. మిగతావి పట్టీ మందం కొలిచి చెప్పినవి, ఒక్కోదానిలో ఒక టన్ను అటూ ఇటూ ఉండవచ్చు." ఏది చదివిన అంకె, ఏది కొలిచిన అంకె అన్నది విడిగా చెబితే, అసలు లెక్క చేతిలో ఉన్నవాళ్లు ఎక్కడ సరిదిద్దాలో వెంటనే చెప్పగలుగుతారు.